బ్యాటరీ పంపు వీడియోకు పేరు, ఊరు, వివరం

వీడియోలో కనిపించేది, వినిపించేది కాకుండా, ఆ వీడియో గురించి విడిగా రాసి పెట్టే సమాచారాన్ని మెటాడేటా అంటారు. యూట్యూబ్‌లో ఒక వీడియోకు పెట్టే టైటిల్, దాని కింద రాసే డిస్క్రిప్షన్, తెరవక ముందు కనిపించే థంబ్‌నెయిల్ బొమ్మ, ట్యాగులు, వీడియో ఏ భాషలో ఉంది, పిల్లల కోసం తీసిందా కాదా అన్న జవాబు, ఇవన్నీ మెటాడేటా కిందికే వస్తాయి. వెతికేవాళ్లకు ఏ వీడియో చూపించాలో యూట్యూబ్ నిర్ణయించేటప్పుడు ముందుగా ఆసరా చేసుకునేది ఈ రాతనే. చూసేవాడు కూడా వీడియో తెరవాలా వద్దా అన్నది ఆ టైటిల్, ఆ బొమ్మ చూసే తేల్చుకుంటాడు.

దేశమంతా చూడాలని తీసే వీడియోకూ, ఒక పట్టణంలోని దుకాణదారు తన సరుకు చూపిస్తూ తీసే వీడియోకూ ఈ విషయంలో చాలా తేడా ఉంది. మొదటిదానికి ఎంతమంది చూస్తే అంత లాభం. రెండోదానికి లక్షమంది చూసినా, వాళ్లంతా వేరే రాష్ట్రాల్లో ఉంటే దుకాణం గుమ్మం ముందుకు ఒక్కరూ రారు. చుట్టూ ముప్పై కిలోమీటర్లలో ఉన్న మూడు వందల మంది చూసి, వాళ్లలో పదిమంది ఫోన్ చేస్తే ఆ వీడియో పని చేసినట్టే. కాబట్టి ఇక్కడ మెటాడేటా జనాన్ని పోగు చెయ్యనక్కరలేదు. ఇది ఏ సరుకు, ఏ ఊళ్లో, ఏ దుకాణంలో దొరుకుతుంది అన్నది కొనేవాడికి ఒక్క చూపులో తెలిస్తే చాలు.

ఉదాహరణకు వరంగల్ జిల్లా నర్సంపేటలో వ్యవసాయ పనిముట్లు అమ్మే ఒక చిన్న దుకాణాన్ని తీసుకోవచ్చు. చుట్టుపక్కల పత్తి, మిరప పండించే ఊళ్లు. వానాకాలం మొదలైందంటే పురుగుమందు కొట్టే పంపులకు గిరాకీ వస్తుంది. దుకాణదారు పదహారు లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్‌ను వీపుకు తగిలించుకుని, నీళ్లు పోసి, కొట్టి చూపిస్తూ నాలుగున్నర నిమిషాల వీడియో ఫోన్‌లో తీశాడు. దానిని యూట్యూబ్‌లో ఎక్కించడానికి కూర్చున్నాడు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ఫోన్‌లో తీసిన వీడియో ఫైలుకు ఫోనే ఒక పేరు పెడుతుంది. చాలా ఫోన్లలో అది VID అన్న అక్షరాలు, వాటి వెనక తేదీ, సమయం అంకెలు. ఆ ఫైలును కంప్యూటర్ నుంచి యూట్యూబ్‌కు ఎక్కిస్తుంటే టైటిల్ గడిలో ఆ పేరే దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. దాన్ని చెరిపి కొత్తది రాయకుండా ముందుకు వెళ్తే లోకానికి కనిపించే పేరు కూడా అదే అవుతుంది. చిన్న దుకాణాల చానెళ్లలో ఇలా అంకెల పేర్లతో మిగిలిపోయిన వీడియోలు చాలానే కనిపిస్తాయి. వాటిలో సరుకు మంచిదే అయినా, పంపు కోసం వెతికే రైతుకు అవి దొరకవు. ఈ పొరపాటు తప్పించడానికి ఒక తేలిక దారి ఉంది. వీడియోను మొదట ప్రైవేట్‌గా గానీ అన్‌లిస్టెడ్‌గా గానీ ఎక్కించి, మిగతా వివరాలన్నీ నింపి, ఒకసారి వేరే ఫోన్‌లో ఎలా కనిపిస్తుందో చూసుకుని, ఆ తర్వాతే పబ్లిక్ చెయ్యడం. ప్రైవేట్ వీడియో ఆ వేరే ఫోన్‌లో కనిపించాలంటే ఆ ఫోన్‌లోని ఖాతాను ఆహ్వానించాల్సి ఉంటుంది, అన్‌లిస్టెడ్ అయితే లింకు పంపితే చాలు. కాబట్టి సరిచూసుకోవడానికి అన్‌లిస్టెడ్ సులువు.

టైటిల్ రాసే ముందు దుకాణదారు గుర్తు చేసుకోవలసింది కంపెనీ కరపత్రాన్ని కాదు, కౌంటర్ ముందు నిలబడ్డ రైతు మాటను. కరపత్రం మీద నాప్‌సాక్ అనో, ఎలక్ట్రిక్ స్ప్రేయర్ అనో, వాటితోపాటు మోడల్ నంబరో ఉంటుంది. రైతు మాత్రం ‘బ్యాటరీ పంపు ఉందా’ అంటాడు, ‘చార్జింగ్ పంపు’ అంటాడు, ‘మందు కొట్టే మిషన్’ అంటాడు. కాస్త తెలిసినవాడైతే ‘పన్నెండు ఎనిమిదా, పన్నెండు పన్నెండా’ అని అడుగుతాడు. పన్నెండు వోల్టుల, ఎనిమిది ఆంపియర్ అవర్ల బ్యాటరీని వ్యాపారంలో 12x8 అంటారు, పన్నెండు ఆంపియర్ అవర్లదాన్ని 12x12 అంటారు. మోటార్లు రెండు ఉంటే ‘డబుల్ మోటార్’. యూట్యూబ్‌లో వెతికే పెట్టెలోకి వచ్చేవి కూడా ఈ మాటలే. కొందరు తెలుగు లిపిలో కొడతారు, చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే battery sprayer telugu అని కొడతారు, ఇంకొందరు మైకు గుర్తు నొక్కి నోటితో అడుగుతారు. వారం రోజులు కౌంటర్ దగ్గర ఒక కాగితం పెట్టుకుని, వచ్చినవాళ్లు ఆ సరుకును ఏమని అడిగారో అలాగే రాసుకుంటే, టైటిల్‌కూ డిస్క్రిప్షన్‌కూ కావలసిన మాటలు అక్కడే దొరుకుతాయి. ఇంతకంటే మంచి పరిశోధన చిన్న దుకాణానికి అక్కర్లేదు.

టైటిల్‌కు యూట్యూబ్ ఇచ్చే చోటు వంద అక్షరాలు. తెలుగులో ఈ వంద అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది. కంప్యూటర్ దృష్టిలో వత్తు, గుణింతం గుర్తు, పొల్లు అన్నీ విడివిడి అక్షరాలు. ‘స్ప్రేయర్’ అన్న మాట కంటికి మూడే అక్షరాలు, లెక్కకు మాత్రం తొమ్మిది. పైగా వందా వాడుకున్నా ఫోన్ తెర మీద టైటిల్ మొత్తం కనిపించదు, చివర చుక్కలు పెట్టి కత్తిరిస్తుంది. అందువల్ల ముఖ్యమైనది ముందు రావాలి, ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవారికోసం పెట్టే మాటలు వెనక్కి పోవాలి.

నర్సంపేట దుకాణం టైటిల్‌ను ఇలా కట్టవచ్చు: ‘నర్సంపేటలో బ్యాటరీ పంపు: ఒక్క చార్జింగ్‌కు ఎన్ని ట్యాంకులు? Battery Sprayer 12x8 Narsampet’. లెక్క చూస్తే ఇది తొంభై దగ్గర ఆగుతుంది. మొదట ఊరు, ఆ వెంటనే రైతు వాడే మాటలో సరుకు పేరు. తర్వాత రైతు మనసులో నిజంగా ఉన్న ప్రశ్న. ఎకరం చేనుకు ఎన్నో ట్యాంకులు పట్టే మనిషికి నడి చేలో చార్జింగ్ అయిపోతుందా లేదా అన్నదే పెద్ద బెంగ. తెర ఎక్కడ కత్తిరించినా ఈ మూడింటిలో కనీసం రెండు మిగులుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న చివరి ముక్క కనిపించకపోయినా పరవాలేదు, వెతికినప్పుడు అది పనికొస్తుంది. ‘సూపర్’, ‘అదిరిపోయే’, ‘తప్పక చూడండి’ లాంటి మాటలకు ఈ టైటిల్‌లో చోటు లేదు, ఉండకూడదు కూడా. అవి చోటు తింటాయి తప్ప, వాటికోసం వెతికే రైతు ఎవరూ ఉండరు.

టైటిల్‌లో ప్రశ్న వేస్తే వీడియోలో దానికి జవాబు ఉండి తీరాలి. ట్యాంకులు లెక్కపెట్టి చూపించకుండా ‘ఎన్ని ట్యాంకులు?’ అని రాస్తే జనం సగంలోనే వెళ్లిపోతారు, ఆ వెళ్లిపోవడం యూట్యూబ్ గమనిస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, ఆ మనిషి రేపు దుకాణానికి వచ్చే మనిషే కావడం.

ఊరి పేరు దగ్గర మరికొంత ఆగాలి. దగ్గర్లో ఏ దుకాణం ఉందో మ్యాప్స్ చూపించినట్టు యూట్యూబ్ చూపించదు. వెతికే మనిషి నర్సంపేటలో ఉన్నాడు కదా అని నర్సంపేట దుకాణం వీడియోను అది తనంతట తాను పైకి తెస్తుందని నమ్ముకోకూడదు. వీడియో వివరాల్లో చిత్రీకరించిన చోటు నింపడానికి ఒక గడి ఉంది. నింపడం మంచిదే, కానీ భారమంతా దాని మీద వెయ్యకూడదు. స్థానికత అన్నది రాసిన మాటల్లోంచి రావాలి. ఆ రాతలో తికమక ఉండకూడదు. తెలుగు రాష్ట్రాల్లో ఒకే పేరున్న ఊళ్లు, ఇంగ్లీషు అక్షరాల్లోకి వచ్చేసరికి ఒకటైపోయే ఊళ్లు చాలా ఉన్నాయి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురమూ, మెదక్ జిల్లా నర్సాపూరూ తెలుగులో వేరువేరే అయినా, ఇంగ్లీషు రాతలో కొన్నిచోట్ల రెండూ Narsapur అవుతాయి. నర్సంపేట పక్కనే ఖానాపూర్ మండలం ఉంది, నిర్మల్ జిల్లాలోనూ ఒక ఖానాపూర్ ఉంది. అందుకే డిస్క్రిప్షన్‌లో ఊరి పేరు పక్కన జిల్లా పేరు తప్పనిసరి.

ఆ జిల్లా పేరు కూడా ఇప్పటిదై ఉండాలి. తెలంగాణలో 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు నర్సంపేట వరంగల్ రూరల్ జిల్లాలోకి వెళ్లింది. 2021లో ఆ జిల్లా పేరు వరంగల్‌గా, అంతవరకు వరంగల్ అర్బన్ అన్నది హనుమకొండగా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల హద్దులు మారాయి. పాత బిల్లు పుస్తకం మీదినుంచో, ఎప్పుడో చేయించిన బోర్డు మీదినుంచో చిరునామా ఎత్తి రాస్తే పాత జిల్లాయే వస్తుంది. ఊళ్లోవాళ్లకు దాంతో ఇబ్బంది లేదు. పక్క జిల్లా నుంచి వచ్చేవాడికి మాత్రం అనుమానం మొదలవుతుంది.

డిస్క్రిప్షన్ గడిలో ఐదు వేల అక్షరాల వరకు పడతాయి. వీడియో కింద తెరవకుండా కనిపించేది మాత్రం మొదటి రెండు మూడు వరుసలే, చాలామంది ఆ కింద నొక్కి మిగతాది తెరవరు. కాబట్టి ఆ రెండు వరుసల్లో పడాల్సినవి మూడు: సరుకు, చోటు, ఫోన్. ‘16 లీటర్ల బ్యాటరీ పంపు, 12x8. నర్సంపేట, బస్టాండ్ దగ్గర’ అని రాసి, దుకాణం పేరు, ఫోన్ నంబరు వెంటనే ఇస్తే సరిపోతుంది. ‘మా చానెల్‌కు స్వాగతం, సబ్‌స్క్రైబ్ చేసుకోండి’ అన్న వాక్యంతో మొదలుపెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. అత్యంత విలువైన ఆ రెండు వరుసలూ అలా ఖర్చైపోతాయి.

ఫోన్ నంబరు ఉత్త అంకెలుగా రాస్తే కొన్ని ఫోన్లలో అది నొక్కడానికి వీలుపడదు, చూసి గుర్తుపెట్టుకుని కొట్టాలి. వాట్సాప్ లింకు ఇస్తే ఆ కష్టం తగ్గుతుంది. దాని రాత ఇలా ఉంటుంది: https://wa.me/91 అని రాసి, ఖాళీ వదలకుండా పది అంకెల నంబరు. ఇక్కడ ప్లస్ గుర్తు పెట్టినా, ముందు సున్నా వేసినా, మధ్యలో గీత పెట్టినా లింకు తప్పుతుంది. కొత్త చానెళ్లలో ఖాతా ధ్రువీకరణ పూర్తయ్యేదాకా డిస్క్రిప్షన్‌లోని బయటి లింకులు నొక్కితే తెరుచుకోకపోవచ్చు. షార్ట్స్ అనే నిలువు చిన్న వీడియోల డిస్క్రిప్షన్లలోనైతే 2023 ఆగస్టు నుంచి లింకులు అసలే పని చెయ్యవు. అందువల్ల అంకెలు, లింకు రెండూ పెట్టడమే మేలు. షార్ట్ వీడియోలో నంబరు తెర మీదే కనిపించాలి.

చిరునామా రాసేటప్పుడు ఇంటి నంబరు కంటే గుర్తు ఎక్కువ పని చేస్తుంది. ఏ బ్యాంకు ఎదురుగా, ఏ రోడ్డు మలుపు దగ్గర, ఎన్నో షాపు అని చెబితే పల్లె నుంచి మోటారు సైకిల్ మీద వచ్చేవాడు దిగకుండా చేరుకుంటాడు. మ్యాప్స్‌లో దుకాణం గుర్తు పెట్టి ఉంటే ఆ లింకు కూడా కింద ఇవ్వాలి. అక్కడ దుకాణం పేరు, ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు ఎలా ఉన్నాయో డిస్క్రిప్షన్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. బోర్డు మీద ఒక పేరు, మ్యాప్స్‌లో ఒక పేరు, యూట్యూబ్‌లో ఇంకో పేరు ఉంటే ఇవి మూడూ ఒకే దుకాణమని రైతుకూ తెలియదు, వెతికిపెట్టే యంత్రానికీ తెలియదు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దుకాణం పేరు గడిలో అసలు పేరు మాత్రమే రాయాలి. పేరు చివర ‘నర్సంపేటలో బెస్ట్ స్ప్రేయర్ షాప్’ అని అతికించడం వాళ్ల నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆగిపోయే ప్రమాదం ఉంది. అదే ప్రొఫైల్‌లో ముప్పై సెకన్ల లోపు వీడియో కూడా పెట్టుకోవచ్చు. నాలుగున్నర నిమిషాల వీడియోలోంచి పంపు పిచికారీ చేసే ముక్క కత్తిరించి అక్కడ పెడితే, మ్యాప్స్‌లో దుకాణం వెతికినవాడికీ సరుకు కనిపిస్తుంది.

చుట్టుపక్కల మండలాల పేర్లు డిస్క్రిప్షన్‌లో రాయవచ్చా అన్న ప్రశ్న దుకాణదారులకు తరచూ వస్తుంది. వాక్యంగా రాయవచ్చు. ‘దుగ్గొండి, నెక్కొండ, నల్లబెల్లి, చెన్నారావుపేట, ఖానాపూర్ మండలాల రైతులకు సర్వీసు, విడిభాగాలు నర్సంపేట దుకాణంలోనే’ అన్నది నిజమైన సమాచారం, చదివే మనిషికి పనికొచ్చేది. అదే అరవై ఊళ్ల పేర్లు కామాలు పెట్టి కుప్పపోస్తే అది సమాచారం కాదు. అలాంటి మాటల కుప్పలను యూట్యూబ్ స్పామ్ కింద చూస్తుంది, వీడియో తీసేసే అవకాశమూ ఉంది. సర్వీసుకు నిజంగా వెళ్లగలిగిన ఊళ్లే రాయాలి. రాసిన ఊరివాడు ఫోన్ చేసి ‘మీరు వస్తారని రాశారు కదా’ అని అడిగినప్పుడు అవునని చెప్పగలగాలి.

నాలుగున్నర నిమిషాల వీడియోను ముక్కలుగా చూపించే వీలు కూడా డిస్క్రిప్షన్‌లోనే ఉంది. ఏ నిమిషంలో ఏముందో వరుసగా రాస్తే యూట్యూబ్ దాన్ని చాప్టర్లుగా మారుస్తుంది. దానికి మూడు షరతులున్నాయి. మొదటి సమయం సున్నాతో మొదలవాలి, కనీసం మూడు సమయాలు ఆరోహణ క్రమంలో ఉండాలి, ఏ ముక్కా పది సెకన్ల కంటే తక్కువ ఉండకూడదు. పంపు వీడియోకు ఇలా రాయవచ్చు:

```
0:00 పంపు ఆన్ చేసి చూపడం
0:40 ఒక్క చార్జింగ్‌కు ఎన్ని ట్యాంకులు
2:05 నాజిళ్లు, ఏ మందుకు ఏది
3:00 జాలీ కడగడం
3:45 ధర, వారంటీ, విడిభాగాలు
```

చాలామంది మొదటి వరుసలో సున్నా పెట్టడం మరిచి, అసలు విషయం మొదలైన చోటు నుంచి రాస్తారు. అప్పుడు చాప్టర్లు ఏర్పడవు. వీడియో కింది గీత ముక్కలుగా విడిపోయి కనిపిస్తే చాప్టర్లు పడ్డట్టు, ఒకే గీతగా ఉంటే పడనట్టు. ఇక్కడ జాలీ గురించి ఒక ముక్క పెట్టడంలో ఒక లెక్క ఉంది. పంపు కొన్నాక వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం జాలీలో చెత్త పట్టడమే. పాత కొనుగోలుదారు మళ్లీ ఆ వీడియో తెరిచి సూటిగా మూడో నిమిషానికి వెళ్లి చూసుకోగలడు, దుకాణదారుకు ఒక ఫోన్ తగ్గుతుంది.

ధర రాయాలా వద్దా అన్నది దుకాణదారులు అందరూ తడబడే చోటు. రాయకపోతే ప్రతి కామెంటూ ‘రేటెంత?’ అనే వస్తుంది. రాస్తే రేపు కంపెనీ ధర పెంచినప్పుడు పాతది పట్టుకుని కొనేవాడు వస్తాడు. వీడియోలో నోటితో చెప్పిన ధరను మార్చడం కుదరదు, టైటిల్ మార్చవచ్చు కానీ అది అప్పటికే పంపకాల్లో తిరుగుతూ ఉంటుంది. డిస్క్రిప్షన్ ఒక్కటే ఎప్పుడైనా, ఎవరికీ ఇబ్బంది లేకుండా దిద్దుకోగలిగిన చోటు. కాబట్టి ధర అక్కడే, నెల, సంవత్సరం వేసి రాయాలి. బ్యాటరీకి ఎన్ని నెలల వారంటీ, మోటారుకు ఎన్ని నెలలు అన్నది కూడా విడివిడిగా రాయాలి, ఎందుకంటే రెంటికీ ఒకటే ఉంటుందని రైతు అనుకుంటాడు, చాలాసార్లు ఉండదు.

ఇక్కడ చట్టం మాట కూడా వస్తుంది. దుకాణదారు తన వీడియోను ప్రకటన అనుకోకపోవచ్చు, కానీ సరుకు అమ్మడానికి పెట్టిన టైటిల్, థంబ్‌నెయిల్ రెండూ ప్రకటనలే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధించింది. దాని కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనల గురించి ప్రత్యేకంగా చెప్పాయి. తక్కువ ధర చూపించి పిలిచి, ఆ ధరకు అమ్మే ఉద్దేశం గానీ సరిపడా సరుకు గానీ లేకపోవడం ఆ కిందికి వస్తుంది. ‘సగం ధరకే పంపు’ అని బొమ్మ మీద రాసి, దుకాణంలో రెండే పంపులు ఉంచడం అలాంటిదే. ‘సబ్సిడీ మీద’ అన్న మాట ఇంకా ప్రమాదకరం. ప్రభుత్వ సబ్సిడీ ఏ సరుకుకు, ఏ దుకాణం ద్వారా, ఎవరికి వర్తిస్తుందో ఆ పథకం చెబుతుంది. దుకాణానికి ఆ పథకంలో చోటు లేకుండా ఆ మాట టైటిల్‌లో పెడితే రైతు బస్సు చార్జీ పెట్టుకుని వచ్చి వట్టి చేతులతో వెళ్లాల్సి వస్తుంది. ఇది మామూలు అతిశయోక్తి కాదు, మోసం. పేరున్న వేరే కంపెనీ పేరును గిరాకీ కోసం టైటిల్‌లోనో ట్యాగుల్లోనో ఇరికించడం కూడా యూట్యూబ్ నిబంధనల్లో తప్పుదోవ పట్టించే మెటాడేటాయే.

థంబ్‌నెయిల్‌కు 1280 పిక్సెళ్ల వెడల్పు, 720 ఎత్తు ఉంటే బాగా వస్తుంది. మన బొమ్మ మనం పెట్టుకోవాలంటే ముందు ఫోన్ నంబరుతో ఖాతా ధ్రువీకరించుకోవాలి. యూట్యూబ్ తనంతట ఎంచే బొమ్మల్లో దుకాణదారు నోరు తెరిచి మాట్లాడుతున్న చిత్రమే వచ్చే అవకాశం ఎక్కువ. పంపు మొత్తం కనిపించేలా, నాజిల్ నుంచి పిచికారీ తెరలా పడుతున్న క్షణం తీసుకుని, దాని మీద మూడు నాలుగు మాటలకు మించకుండా రాయాలి. ‘బ్యాటరీ పంపు, నర్సంపేట’ చాలు. వీడియో నిడివి అంకెలు బొమ్మ కుడివైపు కింది మూలన పడతాయి కాబట్టి ఊరి పేరు ఆ మూలన పెడితే దాని కింద నలిగిపోతుంది. తయారైన బొమ్మను ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూసుకోవాలి. ఆ సైజులో చదవలేనిది రైతు కూడా చదవలేడు.

తెలుగు రాతలో మరో చిక్కు ఉంది. పట్టణాల్లోని డీటీపీ కేంద్రాలు, ప్రింటింగ్ ప్రెస్సులు కరపత్రాలకు ఇప్పటికీ అను లాంటి పాత ఫాంట్లు వాడుతుంటాయి. కాగితం మీద ఆ అక్షరాలు చక్కగా ఉంటాయి. కానీ ఆ ఫైలులోంచి వాక్యాలు కాపీ చేసి డిస్క్రిప్షన్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఎందుకంటే అవి యూనికోడ్‌లో లేవు. కరపత్రంలోని తెలుగును మళ్లీ ఫోన్ కీబోర్డులో కొట్టుకోవడమో, యూనికోడ్‌లోకి మార్పించుకోవడమో చెయ్యాలి. అతికించిన తర్వాత అందులోంచి ఒక మాట తీసుకుని వెతికే పెట్టెలో వేసి చూస్తే, అది నిజమైన తెలుగో కాదో తేలిపోతుంది.

ట్యాగుల మీద దుకాణదారులు పెట్టే శ్రమ వాటికి దక్కాల్సినదానికంటే చాలా ఎక్కువ. మొత్తం ట్యాగులకు ఐదు వందల అక్షరాల చోటు ఉంది కానీ, వీడియో దొరకడంలో వాటి పాత్ర చాలా తక్కువని, జనం తరచు తప్పు రాసే మాటలకు మాత్రం పనికొస్తాయని యూట్యూబే చెబుతుంది. కాబట్టి Narsampet, Narsampeta, Narasampet వంటి రాతలూ, స్ప్రేయర్‌కు జనం రాసే రెండు మూడు రూపాలూ వేసి వదిలెయ్యాలి. హ్యాష్‌ట్యాగులు రెండో మూడో చాలు. అరవైకి మించి పెడితే యూట్యూబ్ ఒక్కదాన్నీ పట్టించుకోదు.

మిగిలిన గడుల్లో రెండు మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడనివి. మొదటిది భాష. వీడియో భాష తెలుగు అని ఎంచుకోవాలి, కింద పడే సబ్‌టైటిళ్లు దాని మీదే ఆధారపడతాయి. రెండోది, ఈ వీడియో పిల్లల కోసం తీసిందా అన్న ప్రశ్న. వీడియోలో దుకాణదారు కొడుకు పంపు పట్టుకుని కనిపించాడని కొందరు అవునని నొక్కుతారు. పిల్లలు కనిపించడం వేరు, పిల్లల కోసం తియ్యడం వేరు. అవునని నొక్కితే కామెంట్లు మూతపడతాయి, చివర్లో మరో వీడియో చూపించే వీలు పోతుంది. రేటు అడిగే రైతుకు అడిగే దారే ఉండదు. వీడియోకు కామెంట్లు రావడం లేదని బాధపడే దుకాణదారు ముందు చూసుకోవలసింది ఈ గడినే.

ఇన్నీ సరిచూసుకున్నాకే లింకును వాట్సాప్‌లో పంచాలి. పట్టణ దుకాణానికి మొదటి వంద మంది ప్రేక్షకులు సాధారణంగా అక్కడి నుంచే వస్తారు. లింకు అతికించగానే దాని కింద టైటిలూ థంబ్‌నెయిలూ బొమ్మగా వస్తాయి. ఆ బొమ్మ పంపేవాడి ఫోన్ ఆ క్షణాన తయారు చేసుకున్నది. తర్వాత యూట్యూబ్‌లో టైటిల్ దిద్దినా, అప్పటికే రైతుల గ్రూపుల్లోకి వెళ్లిన సందేశంలో పాత టైటిలే ఉండిపోతుంది. ఊరి పేరు తప్పు పడినా, ధర తప్పు పడినా అది అలాగే చేతులు మారుతూ పోతుంది. టైటిల్‌లో ధర పెట్టకూడదనడానికి ఇదీ ఒక కారణం.

ఒక నెల గడిచాక యూట్యూబ్ స్టూడియోలో ఎనలిటిక్స్ తెరిచి చూడవచ్చు. అక్కడ చూపు పెట్టాల్సింది మొత్తం వ్యూల మీద కాదు, అవి ఎక్కడి నుంచి వచ్చాయన్న భాగం మీద. యూట్యూబ్‌లో వెతికి వచ్చినవారు ఏ మాటలు కొట్టి వచ్చారో అందులో కనిపిస్తుంది. అందులో ‘చార్జింగ్ పంపు’ అన్న మాట తరచు కనిపించి, డిస్క్రిప్షన్‌లో అది లేకపోతే చేర్చాలి. వచ్చిన మాటలన్నీ హిందీవో, ఇతర రాష్ట్రాల ఊళ్లవో అయితే ఊరి పేరు తగినంత ముందుకు రాలేదని అర్థం. బొమ్మ చూసి ఎంతమంది నొక్కారన్న శాతం కూడా అక్కడ ఉంటుంది. అయితే వాట్సాప్ నుంచి వచ్చినవారు ఆ లెక్కలోకి రారు, యూట్యూబ్‌లో బొమ్మ కనిపించినప్పటి లెక్కే అది. కొన్ని వందల వ్యూలున్న వీడియోకు ఆ శాతం ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకోటి చూపిస్తుంది, దాన్ని పట్టుకుని రోజూ టైటిల్ మార్చడం దండగ. దుకాణానికి నమ్మదగ్గ లెక్క ఇంకొకటి ఉంది. ఫోన్ చేసిన ప్రతివారినీ ‘ఎక్కడ చూశారు, ఏ ఊరు’ అని అడిగి పుస్తకంలో రాసుకోవడం. ఏ మండలం నుంచి ఎవరూ రావడం లేదో ఆ పుస్తకం చెప్పినంత తేటగా ఎనలిటిక్స్ చెప్పలేదు.

చానెల్‌లో నాలుగైదు వీడియోలు అయ్యేసరికి చిరునామా, నంబరు, వేళలు ప్రతిసారీ కొట్టడం విసుగు పుట్టిస్తుంది, ఆ విసుగులోనే అంకెలు తారుమారవుతాయి. స్టూడియో సెట్టింగుల్లో అప్‌లోడ్ డిఫాల్ట్‌లు అన్నచోట వాటిని ఒకసారి రాసి దాచుకుంటే, కంప్యూటర్ నుంచి కొత్త వీడియో ఎక్కించిన ప్రతిసారీ డిస్క్రిప్షన్‌లో అవే వచ్చి కూర్చుంటాయి. దాచినవి కొత్త వీడియోలకే వస్తాయి, పాతవి మారవు. కాబట్టి దుకాణం వేరే వీధికి మారినా, నంబరు మారినా, పాత వీడియోలన్నింటినీ విడిగా తెరిచి దిద్దాల్సిందే.

పంపు మోడల్ మారిపోయి పాతది రావడం ఆగితే, ఆ వీడియోను తీసెయ్యాలని అనిపిస్తుంది. తీసెయ్యకూడదు. పాత పంపు కొన్నవాళ్లు జాలీ కడగడం కోసం ఇంకా దాన్నే తెరుస్తుంటారు, వెతుకులాటలో దానికి వచ్చిన చోటు కూడా తీసేస్తే పోతుంది. డిస్క్రిప్షన్ మొదటి వరుసలో ‘ఈ మోడల్ ఇప్పుడు రావడం లేదు, విడిభాగాలు దొరుకుతాయి, కొత్త మోడల్ వీడియో ఇది’ అని రాసి, దాని లింకు ఇచ్చి, పాత ధర ఉన్న వరుస చెరిపెయ్యాలి.